నీ బదులు నేనే చెప్పేశాను

జూన్ 4

వదినగారికి,

ఉంగరాలు మార్చుకున్న రోజు మీకు డ్యాము గేట్ల దగ్గర డ్యూటీ పడి రాలేకపోయారని మీ తమ్ముడు చెప్పారు. మీ కొండల మధ్య సెల్‌ఫోను పలకదట, కంట్రోల్ రూములో ఉన్న ఒక్క లైనూ జలాశయంలో నీటిమట్టం చెప్పడానికేనట. అందుకని పరిచయం ఉత్తరంతోనే మొదలుపెడుతున్నాను. నా చేతిరాత మా అమ్మకే అర్థం కాదు, ముందే క్షమించండి.

నేను కంటి ఆసుపత్రి వర్క్‌షాపులో కృత్రిమ కళ్ళు తయారుచేస్తాను. గాజువి కావు, ప్లాస్టిక్‌లాంటి పదార్థంతో. ముందు మైనంతో అచ్చు తీస్తాం. తర్వాత మనిషిని కిటికీ దగ్గర, పగటి వెలుతురులో కూర్చోబెట్టి, ఉన్న కన్ను చూస్తూ లేని కంటికి రంగు వేస్తాను. ట్యూబులైటు కింద వేస్తే బయటికెళ్ళగానే రెండు కళ్ళూ రెండు రంగుల్లో కనిపిస్తాయి. తెల్లగుడ్డు మీద సన్నటి ఎర్ర పట్టుదారపు పోగులు అతికిస్తే అవే రక్తనాళాలు. పెళ్ళిచూపుల్లో ఇదంతా చెప్తే ఇద్దరు అబ్బాయిలు లేచి వెళ్ళిపోయారు. మీ తమ్ముడు మా ఆసుపత్రి లిఫ్టుల తనిఖీకి వచ్చి, పని మానేసి అరగంట నా బల్ల దగ్గరే నిలబడ్డారు.

మా హెడ్ నర్సు పోరు పడలేక పెళ్ళికి ముందు జంటలతో మాట్లాడే కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ఇద్దరినీ విడివిడిగా అడిగారు, తర్వాత ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగారు. ఎవరి ఉద్యోగం కోసం ఎవరు కదులుతారు, ఏ ఊళ్ళో ఉంటారు, పిల్లలు కావాలా, పెద్దవాళ్ళు ఎవరి దగ్గర, జీతాలు కలిపి పెట్టుకుంటారా విడిగానా, దేవుడూ పూజా విషయంలో ఎవరిది ఎంత, పొసగని రోజున చివరి మాట ఎలా తేలుతుంది. సముద్రతీరంలోని పెద్ద ఆసుపత్రిలో నాకు రెండేళ్ళ శిక్షణ సీటు వచ్చింది, ముఖం దెబ్బతిన్నవాళ్ళకి ముక్కూ చెవీ కూడా చేయడం నేర్పిస్తారు. ఆ సంగతి ఎలా తీసుకుంటారో అని నా భయం. మీ తమ్ముడు మాత్రం అన్నిటికీ ఒకటే జవాబు: "ఆమె ఎలా అంటే అలా." సీటు సంగతికీ అంతే. "నువ్వెక్కడుంటే నేనక్కడ" అన్నారు.

ఇంత తేలిగ్గా ఒప్పుకునే మనిషి ఉంటాడని నేననుకోలేదు. ఆయనకి ఏం ఇష్టమో, ఏం గిట్టదో మీరే చెప్పాలి. అడిగితే నవ్వుతారు తప్ప చెప్పరు.

మీ కాబోయే మరదలు

---

జూన్ 15

అమ్మాయ్,

నీ చేతిరాత బాగానే ఉంది, మా నాన్నే చదివి పెట్టాడు. ఆయన గడియారాలు బాగుచేసే మనిషి. అంతకన్నా సన్నటివి చదివాడు. నీ పట్టుదారాల సంగతి రెండుసార్లు చదివించుకున్నాడు.

ఇక్కడ నీళ్ళు పెరుగుతున్నాయి. నా పని గేట్లు ఎత్తడం, దించడం. ఎత్తేముందు సైరన్ మోగించి, దిగువన ఏటి ఇసుకలో మనుషులెవరూ లేరని కళ్ళతో చూసుకోవాలి. మోగించాం కదా, పోయుంటారులే అనుకుంటే కుదరదు. ఈ ఉద్యోగం చేసీ చేసీ నాకు ప్రతిదీ రెండుసార్లు అడిగే జబ్బు పట్టుకుంది. అందుకని ఏమీ అనుకోకు.

"నువ్వెక్కడుంటే నేనక్కడ" అన్నాడు కదా, అక్కడ ఏం చేస్తానన్నాడు? బదిలీకి అడిగాడా? అడిగితే ఎవరిని, ఎప్పుడు? వాళ్ళ కంపెనీకి ఆ ఊళ్ళో ఆఫీసు ఉందా, లేక ఉద్యోగం మానతాడా? నీ రెండేళ్ళు అయ్యాక అక్కడే ఉంటారా, తిరిగి వస్తారా? మొదటిసారి నీ పని కోసం కదిలితే రెండోసారి ఎవరి పని కోసం? పిల్లలు పుడితే ఆ రెండేళ్ళు ఎటు పోతాయి? ఇవి వాడి నోటితో, వాడి మాటల్లో విను. "నీ ఇష్టం" అన్నది జవాబు కింద లెక్కపెట్టకు. "చూద్దాం" అన్నా లెక్కపెట్టకు.

వాడికి గిట్టనిదేమిటని అడిగావు. ఎవరైనా తన ముందు బాధపడితే మా బుజ్జిగాడికి గిట్టదు. చిన్నప్పటినుంచీ అంతే.

నేనిలా అడిగానని వాడికి చెప్పకు. ఉత్తరాలు నీ వర్క్‌షాపుకే రాస్తాను, ఇంటికి కాదు.

అక్క (వదిన అనిపించుకోవడం ఇంకా అలవాటు కాలేదు)

---

జూన్ 24

వదినగారికి,

మీ ఉత్తరం మొదట కాస్త నొప్పించింది. తర్వాత హెడ్ నర్సుకి వినిపిస్తే ఆవిడ అంది, తల్లి లేని ఇంట్లో అక్క అలాగే ఉంటుంది, తమ్ముణ్ణి ఎవరో ఎత్తుకుపోతున్నట్టు ఉంటుందని. అప్పుడు నాకు తేలికపడింది. వదినగారూ, నేను ఎవరినీ ఎవరినుంచీ దూరం చేయను. మామయ్యగారు మా దగ్గర ఉంటానంటే నాకు సంతోషమే. భారమంతా మీ ఒక్కరి మీద పడిందని నాకు తెలుసు.

ఇంకో మాట, కోప్పడకండి. మీరు వద్దన్నా నేను ఆయనకు చెప్పాను. దాచడం నాకు చేతకాదు, పైగా పెళ్ళికి ముందే దాపరికాలు ఎందుకని. ఆయన ఏమీ అనుకోలేదు. "అక్క మనసు మంచిదే, నాన్న షాపు మూసినప్పటినుంచీ కొంచెం అలా అయింది" అన్నారు. బదిలీ గురించి అడిగితే, "అవన్నీ నీ తలకెందుకు, నేను చూసుకుంటాను" అన్నారు. మా నాన్న ఏనాడూ అమ్మతో ఆ మాట అనలేదు. నాకు ఎంత నిశ్చింతగా అనిపించిందో.

ఆయన ఎంత కనిపెట్టి చూస్తారో చెప్తాను వినండి. పోయిన వారం బాగా అలిసిపోయి ఉన్నాను. ఇద్దరికి కళ్ళు అమర్చాలి, ఒకాయన కంటికి గోధుమరంగు ఎంతకీ కుదరడం లేదు. సాయంత్రం ఈత నేర్చుకునే చోటికి వెళ్తే నా పేరు తీసేశారు. ఆయనే ఫోన్ చేసి మాన్పించారట. "నువ్వు మానలేక వెళ్తున్నావని నాకు తెలుసు" అన్నారు. నిజానికి నాకు ఈత ఇష్టమే. కానీ ఆ రోజు ఇంటికెళ్ళి పడుకుంటే హాయిగా నిద్రపట్టింది. మనకన్నా ముందు మన అలసట తెలుసుకునే మనుషులు ఎంతమంది ఉంటారు?

కౌన్సెలరుగారు రెండోసారి రమ్మన్నారు. వెళ్ళలేదు. ఆ వేళ కుదరదని ఆయనే చెప్పేశారు.

మీ మరదలు

---

జూలై 6

అమ్మాయ్,

బుజ్జి ఇక్కడికి వచ్చి వెళ్ళాడు. వెనక తలుపు గడియ ఊగుతోందని స్క్రూలు బిగించాడు, నాన్నకి గోళ్ళు తీశాడు, నాకు వానకోటు తెచ్చాడు. వెళ్ళేముందు మెల్లిగా, "అక్కా, ఆ అమ్మాయి సున్నితం. నువ్వు పెద్ద పెద్ద ప్రశ్నలు వేసి బెదరగొట్టకు" అన్నాడు. గొంతు పెంచలేదు. వాడు పుట్టాక ఎవరి మీదా గొంతు పెంచలేదు.

షాపు మూయడం వల్ల నేను అలా అయ్యానన్నాడు కదా. ఆ షాపు ఎలా మూతపడిందో చెప్తాను. నాన్న తుంటి ఎముక విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. షాపు మేడ మీద, ఇరుకు మెట్లు. ఆయన మంచం దిగి నడవడం మొదలుపెట్టేలోపు బుజ్జి షాపు ఖాళీ చేసి ఓనరుకి అప్పగించేశాడు. పనిముట్లు ఎవరికో ఇచ్చేశాడు. బాగుచేయడానికి జనం ఇచ్చిన గడియారాలు ఇంటింటికీ తిరిగి తనే అప్పజెప్పాడు. నాన్నని సూటిగా ఆసుపత్రి నుంచి నా దగ్గరికి తీసుకొచ్చాడు. "ఇంక ఆ మెట్లెక్కే బాధ లేదు నాన్నా" అంటూ కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అవి నిజం కన్నీళ్ళే. అదే నేను నీకు చెప్పాలనుకుంటున్నది.

ఆ రోజునుంచీ నాన్న పొద్దున్నే లేచి చొక్కా వేసుకుని, చెప్పులు వేసుకుని, గుమ్మంలో కూర్చుంటాడు. మధ్యాహ్నానికి విప్పేస్తాడు.

వాడు చెడ్డవాడు కాదు. మన చేతిలో సంచీ బరువుగా ఉందనుకుంటే మనల్ని అడక్కుండా లాక్కుని మోస్తాడు, అందులో ఏముందో, ఎక్కడికి తీసుకెళ్తున్నామో వాడికి పట్టదు. కౌన్సెలరు దగ్గరికి మళ్ళీ వెళ్ళు. ఆవిడ ముందు ఒక్కటే అడుగు: "నేను కాదు అంటే నువ్వేం చేస్తావు?" ఆ తర్వాత నిజంగా ఒకసారి కాదు అని చూడు. చిన్నదానికే. ఏమవుతుందో చూసి నాకు రాయి.

నీకు నామీద కోపం వస్తుందని తెలుసు. రానీ.

వదిన

---

జూలై 17

వదినగారికి,

కోపం వచ్చింది. మామయ్యగారి షాపు గురించి ఆయన్నే అడిగాను. షాపు ఎత్తేయమన్నది మీరేనట. "నాన్న సంగతి ఏదో ఒకటి చూడరా, ఆ మెట్లు నా వల్ల కాదు" అని మీరే అన్నారట. మీ మాట మీద చేసి, ఇన్నాళ్ళూ మీ మీద మాట రాకుండా ఆయనే మోస్తున్నారు. ఇప్పుడు మీరు నాకు ఇలా రాశారు. నేను చదివి వినిపిస్తుంటే ఆయన ముఖం చూడలేకపోయాను.

మీరు చెప్పినట్టే "కాదు" అని చూశాను కూడా. పెళ్ళి హాలు చిన్నది తీసుకుందామన్నారు, నేను కాదన్నాను. వెంటనే సరే అన్నారు. ఇంక మీకు రాయడానికి ఏముంది?

పెళ్ళి ముందుకు జరిగింది. ఆగస్టు ఇరవై రెండు. ఆ తేదీకే హాలు దొరికిందట. అన్నీ ఆయనే చూసుకుంటున్నారు. మీరు తప్పకుండా రావాలి, మామయ్యగారినీ తీసుకురావాలి. అప్పటిదాకా మనం రాసుకోకపోవడమే మంచిదేమో.

మీ మరదలు

---

జూలై 26

అమ్మాయ్,

రాయొద్దన్నావు, అందుకే రెండే ముక్కలు.

నేను ఆ మాట అన్నది నిజం. మెట్లకి పట్టుకోవడానికి కమ్మీ పెట్టించమని అడుగుతూ అన్నాను. మనం సగం అని ఆపితే మిగతా సగం బుజ్జి తనే పూరిస్తాడు. తర్వాత ఆ మొత్తం మనమే అన్నామని మనస్ఫూర్తిగా నమ్ముతాడు. అబద్ధం ఆడుతున్నట్టు వాడికి తెలియదు.

రెండోది. నిన్న నాన్నకి వాడి దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. గనుల ఊళ్ళో కంపెనీవాళ్ళు ఇల్లు ఇచ్చారట, సెప్టెంబరులో చేరాలట, కింది అంతస్తులో నాన్నకి గది ఉందట, నువ్వు కిటికీ తెరలకి ఆకుపచ్చ రంగు ఎంచావట. గనుల ఊరెక్కడ, నువ్వు శిక్షణకి వెళ్ళాల్సిన సముద్రతీరం ఎక్కడ. ఇది నీకు తెలిసిన సంగతే అయితే ఈ ఉత్తరం చించెయ్, నేను పెళ్ళికి వచ్చి నీ ముందు తల వంచుతాను. తెలియకపోతే మాత్రం వాణ్ణి అడక్కు. మీ ఆసుపత్రిలో అడుగు.

వదిన

---

ఆగస్టు 9

వదినగారికి,

మీ ఉత్తరం వచ్చిన రోజు మధ్యాహ్నం దాకా జేబులోనే పెట్టుకుని పని చేశాను. ఆకుపచ్చ తెరల సంగతి నిజమే. బజారులో ఒక దుకాణం ముందు నిలబడి, ఏ రంగు బాగుందని అడిగితే ఆకుపచ్చ అన్నాను. ఎవరి కిటికీకో నాకు తెలియదు.

భోజనాల వేళ మా విభాగం పెద్ద డాక్టరుగారి గదికి వెళ్ళాను. శిక్షణకి ఎప్పుడు బయల్దేరాలని అడిగితే ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. ఆ సీటు జూన్ నెలాఖరులోనే వేరే అమ్మాయికి ఇచ్చేశారట. "మీ వారు వచ్చి చెప్పారు కదమ్మా. నువ్వు నాతో చెప్పలేక మొహమాటపడుతున్నావని, ఇద్దరూ ఆలోచించుకునే నిర్ణయించారని. చాలా మర్యాదగా మాట్లాడాడు. నీకు మంచి సంబంధం దొరికిందని మా ఆవిడతో కూడా అన్నాను."

జూన్ నెలాఖరు, వదినగారూ. నేను మీకు నిశ్చింతగా ఉందని రాసిన రోజులు.

సాయంత్రం ఆయన ఎప్పటిలాగే గేటు దగ్గర ఉన్నారు. అక్కడే అడిగాను. ఆయన ఏమీ దాచలేదు, తడబడలేదు.

"నువ్వు నలిగిపోతున్నావు కదా, ఎలా చెప్పాలా అని. నీ బదులు నేనే చెప్పేశాను" అన్నారు.

"నేను వెళ్తానన్నాను. మీరు సరే అన్నారు."

"అన్నాను. నువ్వు అప్పుడు సంతోషంగా ఉన్నావు, ఎందుకు పాడుచేయడం అని. కానీ లోపల నీకు భయంగా ఉంది. నాకు తెలుస్తుంది."

భయం ఉన్న మాట నిజం. ఆయన అలా అనగానే ఒక్క క్షణం నాకే అనుమానం వచ్చింది, నేను వెళ్ళకూడదనే అనుకున్నానేమోనని. అంతకన్నా భయపెట్టిన క్షణం నా జీవితంలో లేదు.

మర్నాడు పట్టుబట్టి కౌన్సెలరు దగ్గరికి తీసుకెళ్ళాను. మీరు రాసిన ప్రశ్నే అడిగాను. "నువ్వు కాదంటే నేను బలవంతం చేస్తానా? ఎప్పుడైనా చేశానా?" అన్నారు. కౌన్సెలరుగారు, "బలవంతం సంగతి కాదు, ఆవిడ కాదన్నాక మీరు ఆగుతారా?" అని అడిగారు. ఆయన, "ఆమె నిజంగా కాదంటే ఆగుతాను" అన్నారు. నిజంగా అన్నదో కాదో ఎవరు తేలుస్తారని ఆవిడ అడిగారు. ఆయనకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఇంత ప్రేమించే మనిషికి తెలియదా అన్నట్టు చూశారు. ఆయన బయటికి వెళ్ళాక ఆవిడ నాతో అన్నారు, ఉద్యోగం, ఊరు అన్నవి బేరమాడుకుని తేల్చుకోవచ్చు, ఒకరు ఇప్పుడు తగ్గితే ఇంకొకరు తర్వాత తగ్గొచ్చు, కానీ బేరం ఆడాలంటే ఎదుట ఇంకో మనిషి ఉన్నట్టు ఒప్పుకోవాలి కదా అని. ఆయన దృష్టిలో మేలు చేయడమే విలువ. నాకు అడగడం విలువ. మొదటిరోజే వేరుగా కూర్చోబెట్టినప్పుడు ఆవిడకి అనుమానం వచ్చిందట. అందుకే రెండోసారి రమ్మన్నారట.

నేను పెళ్ళి వద్దన్నాను. ఆవిడ గది బయట, బల్ల మీద కూర్చుని, మెల్లిగా, మూడుసార్లు. ఆయన విని, నా చెయ్యి తట్టి, "సరే" అన్నారు.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ నాకు తలంటుకోమని నీళ్ళు కాచింది. ఆయన ఫోన్ చేసి, నేను కంగారుపడుతున్నానని, పెళ్ళికి ముందు అందరికీ ఉండేదేనని, నన్ను ఏమీ అడగవద్దని చెప్పారట. హాలుకి వెళ్తే బుకింగ్ అలాగే ఉంది. పువ్వులవాడికి నేను వద్దంటే, "సార్ చెప్పారమ్మా మీరిలా అంటారని" అని నవ్వాడు. నేను ఏ గుమ్మం ఎక్కినా నాకన్నా ముందు ఆయన వచ్చి వెళ్ళి ఉన్నారు. నేను అరిస్తే కంగారు అంటున్నారు, ఏడిస్తే పాపం అంటున్నారు, నోరు మూసుకుంటే తేరుకున్నాను అంటున్నారు.

వదినగారూ, మీ మీద కోప్పడ్డందుకు సిగ్గుగా ఉంది. ఏం చేయాలో చెప్పండి. కాదు, చెప్పకండి. నేనే ఏదో చేస్తాను. చేశాక రాస్తాను.

మీ మరదలు అని రాయబోయి ఆగాను

---

ఆగస్టు 16

అమ్మాయ్,

నీ ఉత్తరం చదివి నాన్న కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. ఆ పూట అన్నం తినలేదు.

బుజ్జి ఇక్కడే ఉన్నాడు. కూరగాయలు తరుగుతున్నాడు. పెళ్ళి కొద్దిగా వెనక్కి జరగొచ్చని, నీ ఆరోగ్యం బాగాలేదని చెప్పాడు. నాన్నని వెంటనే గనుల ఊరికి పంపమన్నాడు. నేను పంపనన్నాను. "సరే అక్కా" అన్నాడు. మా ఇంట్లో నాకు అన్నిటికన్నా భయం వేసే మాట అదే. అనుకున్నట్టే సోమవారం పొద్దున వ్యాను వచ్చి నిలబడింది. డ్రైవరుకి నాన్న సామాను ఏ గదిలో ఉందో కూడా తెలుసు.

నేను గుమ్మంలో నిలబడి, మనిషి లోపల ఉన్నాడు, ఆయన్నే అడగమన్నాను. డ్రైవరు బిక్కచచ్చిపోయాడు. నాన్న బయటికి వచ్చాడు. ఇంతకాలం వాడితో పల్లెత్తు మాట అనని మనిషి, "నేను రాను బాబూ, వెళ్ళు" అన్నాడు. డ్రైవరుతోనే అన్నాడు, కొడుకు వైపు చూడలేదు. వ్యాను వెళ్ళిపోయింది. బుజ్జి నా దగ్గరికొచ్చి, "నాన్నకి మతిమరుపు మొదలైనట్టుంది అక్కా, డాక్టరుకి చూపిద్దాం" అన్నాడు.

నువ్వు ఏం చేయాలో చెప్పొద్దన్నావు కాబట్టి చెప్పను. నాకు అర్థమైనది చెప్తాను. వాడికి చెప్తే లాభం లేదు. వాడు ఎవరెవరికి చెప్పాడో ఆ ఒక్కొక్కరికీ నువ్వు నీ కాళ్ళతో వెళ్ళి, నీ నోటితో చెప్పాలి.

వదిన

---

ఆగస్టు 21

వదినగారికి,

చెప్పాను. ముందు, పెళ్ళి రిజిస్టరు చేయించడానికి మేము నోటీసు ఇచ్చిన రిజిస్ట్రారు ఆఫీసు. పెళ్ళి నోటీసు ఆపాలంటే ఇద్దరిలో ఒక్కరు వద్దంటే చాలట, కానీ ఆ ఒక్కరూ స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి, వేరొకరు వాళ్ళ తరఫున చెప్తే చెల్లదు. ఆ రూలు పెట్టినవాళ్ళకి చేతులెత్తి మొక్కాలనిపించింది. గుమాస్తా నన్ను పైనుంచి కిందికి చూసి, "మీ వారు నిన్న వచ్చి వెళ్ళారు, మీరు రావచ్చని, కాస్త నచ్చజెప్పమని" అన్నాడు. నేను చెప్పాను, నాకు మావారంటూ ఎవరూ లేరు, కాగితం ఇటివ్వండి అని. సంతకం పెట్టి, ముద్ర వేయించుకుని వచ్చాను.

హాలు, పువ్వులు, వంటవాళ్ళు, అందరి దగ్గరికీ వెళ్ళాను. అమ్మని కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పాను. అమ్మ వింది. విన్నాక, "ఇంత చూసుకునేవాడిని వదులుకుంటున్నావు" అంది. అమ్మ మీద నాకు కోపం లేదు. ఆమె బరువు ఏనాడూ ఎవరూ అందుకోలేదు.

పెద్ద డాక్టరుగారు తీరప్రాంతపు ఆసుపత్రికి తనే ఫోన్ చేశారు. శిక్షణ సీటు లేదు, వచ్చే ఏడాది చూస్తామన్నారు. ప్రస్తుతానికి వాళ్ళ వర్క్‌షాపులో సహాయకురాలిగా రమ్మన్నారు. ఇప్పుడున్న పనికన్నా తక్కువ పని. వెళ్తున్నాను.

ఉంగరం పోస్టులో పంపాను. మామయ్యగారికి, కాదు, మీ నాన్నగారికి నమస్కారాలు.

---

సెప్టెంబరు 12

అమ్మాయ్,

కొత్త అడ్రసుతో నువ్వు రాసిన కార్డు అందింది, నీ క్షేమం తెలిసి సంతోషం. ఇక్కడ నీళ్ళు తగ్గాయి, గేట్లు దించేశాం.

బుజ్జి గనుల ఊరి ఉద్యోగంలో చేరలేదు. తీరంలో ఉన్న ఆఫీసుకి బదిలీ అడిగాడట. "తన మనసు కుదుటపడేదాకా దగ్గర్లో ఎవరైనా ఉండాలి కదక్కా" అన్నాడు. ఉంగరం ఒక డబ్బాలో జాగ్రత్త చేశాడు, నువ్వు దాచిపెట్టమని ఇచ్చావట. నేను నీ అడ్రసు చెప్పలేదు, చెప్పను. వాడు నన్ను అడగలేదు కూడా. అదే నాకు బాగాలేదు.

నీ చుట్టుపక్కలవాళ్ళకి ముందే చెప్పిపెట్టుకో.

అక్క

---

అక్టోబరు 3

అక్కా,

ఇక వదిన అనడం కుదరదు కదా.

మీ ఉత్తరం అందడం ఆలస్యమైంది. నిన్న సాయంత్రం పని నుంచి వచ్చేసరికి మా ఇంటి ఓనరమ్మ మెట్ల మీదే ఎదురొచ్చి నవ్వుతూ నిలబడింది. "మీ ఆయన ఎంత బుద్ధిమంతుడమ్మా" అంది. మధ్యాహ్నం వచ్చారట. నా గది కిటికీ గడియ వదులుగా ఉందని స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని బిగించారట. ఆవిడ గది తలుపు తెరిచి ఇచ్చింది. నాకు మేడ మెట్లు పడవని, నెలాఖరుకి ఈ గది ఖాళీ చేస్తామని, వేరేచోట కింది వాటా చూశామని చెప్పారట. గది కావాలన్న వేరే అమ్మాయికి ఆవిడ మాట ఇచ్చేసింది. అడ్రసు మా అమ్మ ఇచ్చింది. ఫోన్ చేస్తే తనే చెప్పింది, ఒక్కదాన్నే ఉన్నానని దిగులుపడి.

గదిలోకి వెళ్ళి చూశాను. గడియ గట్టిగా ఉంది. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మంచం మీద దుప్పటి మాత్రం నేను మడిచే తీరులో లేదు, ఇంకా నీటుగా ఉంది.

కిందికి దిగి ఓనరమ్మకి చెప్పాను. గొంతు పెంచలేదు. "నాకు పెళ్ళి కాలేదండీ. ఆయన నాకు ఏమీ కారు. నా తరఫున ఎవరు ఏం చెప్పినా అది నా మాట కాదు. నన్ను అడగండి." ఆవిడ ముఖంలో నవ్వు పోవడానికి చాలాసేపు పట్టింది. తర్వాత, "పాపం, మీ ఇద్దరికీ ఏదో మాటా మాటా వచ్చినట్టుంది" అంది.

అక్కణ్ణుంచి పోలీసు స్టేషనుకి వెళ్ళాను. ఫిర్యాదులు రాసుకునే ఆయన రెండుసార్లు అడిగాడు: కొట్టాడా, బెదిరించాడా, ఏమైనా పట్టుకుపోయాడా అని. లేదన్నాను. మరి ఏం చేశాడని అడిగాడు. గడియ బిగించాడన్నాను. ఆయన కలం ఆపి నన్ను చూశాడు. నేను లేవలేదు. ఈత దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. పక్క బల్ల దగ్గరున్న ఆవిడ కుర్చీ ఇటు లాక్కుని, మొదటినుంచి మళ్ళీ చెప్పమంది. రాసుకుంది. ఆ మనిషి మళ్ళీ వస్తే ఏం చేయాలో చెప్పింది. అది మీకు కూడా రాయను.

ఈ ఉత్తరం చేరేసరికి నేను ఇక్కడ ఉండను. కొత్త చోటు అమ్మకి చెప్పలేదు. మీకూ చెప్పడం లేదు. మీ మీద నమ్మకం లేక కాదు అక్కా. ఈ లోకంలో నన్ను నన్నుగా ఒక మాట అడిగిన మొదటి మనిషి మీరే. కానీ ఆయన మీ తమ్ముడు. ఏదో ఒక రోజు మీ వంటింట్లో కూరగాయలు తరుగుతూ, కళ్ళనీళ్ళతో, మెల్లిగా అడుగుతారు. మీరు సగం మాట అంటే చాలు.

అందుకని మీ దగ్గర ఆ సగం కూడా ఉండకూడదు. జవాబు రాయకండి.